అరువు మీద కొన్న సరుకు, బిల్లులోని జీఎస్టీ: పద్దు ఎలా రాయాలి, ఆ పన్ను ఎప్పుడు ఎక్కడ ఉంటుంది

లెక్కలు కొత్తగా రాసేవాళ్లను ఈ పద్దు తికమక పెట్టడానికి ముఖ్య కారణం ఒకే మాట. అరువు మీద కొన్నామంటే క్రెడిట్ మీద కొన్నామంటాం. సరుకు ఇచ్చిన పార్టీ ఖాతాను క్రెడిట్ చేయమంటాం. బిల్లులోని పన్నును ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ అంటాం. మూడు చోట్లా క్రెడిట్టే, మూడు చోట్లా అర్థం వేరు. పైగా మూడోది, అంటే పన్ను క్రెడిట్, పద్దులో పడేది డెబిట్ వైపున. పేరులో క్రెడిట్ ఉంది కదా అని దాన్ని క్రెడిట్ వైపు రాసి, లెక్క కలవక తల పట్టుకునే విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

కారణం తెలిస్తే ఇక మర్చిపోరు. మనం కొన్నప్పుడు కట్టే జీఎస్టీని, మనం అమ్మినప్పుడు ప్రభుత్వానికి కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు. అంటే అది ప్రభుత్వం దగ్గర మనకున్న హక్కు. మనకు రావలసినది ఆస్తి, ఆస్తి పెరిగితే డెబిట్. పార్టీకి మనం ఇవ్వాల్సింది అప్పు, అప్పు పెరిగితే క్రెడిట్.

ఒక బిల్లును చేతిలోకి తీసుకుందాం. విజయవాడలో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం, జీఎస్టీ కింద మామూలు పద్ధతిలో నమోదై ఉంది. గుంటూరులోని హోల్‌సేల్ వ్యాపారి నుంచి 200 పెట్టెల స్విచ్చులు అరువు మీద కొన్నది. బిల్లు తేదీ 2025 జూన్ 3, సరుకు చేరింది జూన్ 5న. పెట్టె ధర 500 రూపాయలు, మొత్తం 1,00,000. బిల్లులోనే 5 శాతం ట్రేడ్ డిస్కౌంట్ 5,000 తీసేశారు. రవాణా కింద 1,000 కలిపారు. పన్ను వేయాల్సిన విలువ 96,000. దానిపై కేంద్రం వాటా సీజీఎస్టీ 9 శాతం 8,640, రాష్ట్రం వాటా ఎస్జీఎస్టీ 9 శాతం 8,640. బిల్లు మొత్తం 1,13,280.

పద్దు ఇది:

కొనుగోళ్ల ఖాతా, డెబిట్: 96,000
ఇన్‌పుట్ సీజీఎస్టీ ఖాతా, డెబిట్: 8,640
ఇన్‌పుట్ ఎస్జీఎస్టీ ఖాతా, డెబిట్: 8,640
గుంటూరు పార్టీ ఖాతా, క్రెడిట్: 1,13,280
(200 పెట్టెల స్విచ్చులు అరువు మీద కొన్నందున, బిల్లు తేదీ 3-6-2025)

ట్రేడ్ డిస్కౌంట్‌కు విడిగా ఖాతా లేదని గమనించండి. బిల్లులోనే తగ్గించేశారు కాబట్టి అది పుస్తకాల్లోకి రానేరాదు. రవాణా 1,000 మీద కూడా పన్ను పడింది, ఎందుకంటే సరుకుతో పాటు అదే బిల్లులో వసూలు చేసే అనుబంధ ఖర్చులు కూడా సరఫరా విలువలో భాగమేనని జీఎస్టీ చట్టం చెబుతుంది. కావాలంటే ఆ వెయ్యిని కొనుగోళ్లలో కలపకుండా లోపలి రవాణా ఖాతాకు వేసుకోవచ్చు. పన్ను మాత్రం మారదు.

టాలీ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఇది జర్నల్‌లో కాక పర్చేజ్ వోచర్‌లో ఎక్కుతుంది. స్క్రీన్ వేరైనా వెనక జరిగేది ఈ నాలుగు వరుసల పద్దే. అందుకే దీన్ని చేత్తో రాయడం వచ్చినవాళ్లకు సాఫ్ట్‌వేర్‌లో తప్పు ఎక్కడుందో త్వరగా దొరుకుతుంది.

ఇక్కడ జరిగే తప్పుల్లో పెద్దది, బిల్లు మొత్తాన్ని కొనుగోళ్లకు డెబిట్ చేసేయడం. పార్టీకి ఇవ్వాల్సింది 1,13,280 కాబట్టి కొన్నదీ అంతకే అనిపిస్తుంది. కానీ ప్రభుత్వం నుంచి తిరిగి వచ్చే పన్ను సరుకు ఖర్చులో భాగం కాదు. నిల్వల విలువ కట్టే అకౌంటింగ్ స్టాండర్డ్-2 కూడా ఇదే చెబుతుంది. మన బిల్లులో పెట్టె అసలు ఖర్చు 96,000ని 200తో భాగిస్తే 480 రూపాయలు. పన్ను కలిపేస్తే 566 రూపాయల 40 పైసలు అవుతుంది. ఏడాది చివరికి 150 పెట్టెలు అమ్ముడై 50 మిగిలాయనుకోండి. నిల్వ 24,000 కావాల్సింది 28,320 అని కనిపిస్తుంది. అమ్మిన సరుకు ఖర్చు 72,000 బదులు 84,960 పడి, లాభం 12,960 తక్కువ చూపుతుంది. ఆ 12,960, నిల్వలో దాక్కున్న 4,320 కలిపితే సరిగ్గా 17,280, మన పన్ను. ఈ తప్పు దొరికే చోటు కూడా అదే. జీఎస్టీ పోర్టల్‌లో క్రెడిట్ కనిపిస్తుంది, పుస్తకాల్లో ఇన్‌పుట్ ఖాతా ఖాళీగా ఉంటుంది.

దీనికి విరుద్ధమైన తప్పు ఇంకొకటి. పార్టీ ఖాతాకు 96,000 మాత్రమే క్రెడిట్ చేసి, పన్ను 17,280ని ప్రభుత్వానికి చెల్లించాల్సిన ఖాతాలో చూపడం. ఆ పన్నును ప్రభుత్వానికి కట్టాల్సింది పార్టీ, మనం కాదు. మనం పన్నుతో సహా పార్టీకే ఇస్తాం. రివర్స్ చార్జ్ వర్తించే కొనుగోళ్లలో మాత్రమే కొన్నవాడు నేరుగా ప్రభుత్వానికి కడతాడు. అది వేరే పద్దు.

పన్నును సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ అని విడగొట్టడం వట్టి అలంకారం కాదు. సీజీఎస్టీ క్రెడిట్‌ను ఎస్జీఎస్టీ బాకీకి వాడకూడదు, ఎస్జీఎస్టీని సీజీఎస్టీకీ వాడకూడదు. రెండూ ఒకే ఖాతాలో కలిపితే నెలాఖరున ఏది ఎంత మిగిలిందో తెలియదు. ఇదే సరుకు హైదరాబాద్ నుంచి విజయవాడకు వచ్చి ఉంటే అది రాష్ట్రాల మధ్య అమ్మకం, రెండు వరుసల బదులు ఇన్‌పుట్ ఐజీఎస్టీ 17,280 అని ఒకే వరుస వచ్చేది. బిల్లు చేతికి రాగానే రెండు జీఎస్టీ నంబర్ల మొదటి రెండు అంకెలు చూడండి. ఆంధ్రప్రదేశ్‌ది 37, తెలంగాణది 36. పార్టీది 36, మీది 37 అయి, సరుకు మీ ఊరికి పంపి కూడా బిల్లులో సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ వేసి ఉంటే పద్దు రాయకుండా ఆపండి. అది తెలంగాణ ఎస్జీఎస్టీ, మీకు క్రెడిట్‌గా పనికిరాదు. బిల్లు సరిచేయించుకోవడమే దారి.

కొన్న దుకాణం, చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపొజిషన్ పథకంలో ఉంటే క్రెడిట్ తీసుకునే హక్కే ఉండదు. అప్పుడు 1,13,280 మొత్తం కొనుగోళ్లకే డెబిట్ అవుతుంది, పైన తప్పన్నదే ఇక్కడ ఒప్పు. తిరిగి రాని పన్ను ఖర్చులో కలుస్తుంది, తిరిగి వచ్చే పన్ను కలవదు.

ఇంతవరకు పాఠ్యపుస్తకంలో దొరుకుతుంది. అసలు చిక్కు ఇక్కడి నుంచే. పైన రాసిన పద్దు, బిల్లు రాగానే క్రెడిట్ మన చేతికి వచ్చేసినట్టు చెబుతుంది. చట్టం అలా ఒప్పుకోదు. సీజీఎస్టీ చట్టం 16వ సెక్షన్ ప్రకారం పన్ను బిల్లు మన దగ్గర ఉండాలి, సరుకు అందాలి, పార్టీ ఆ బిల్లును తన అమ్మకాల రిటర్న్ జీఎస్‌టీఆర్-1లో చూపాలి, అది పోర్టల్ మనకు తయారుచేసే క్రెడిట్ల పట్టీ జీఎస్‌టీఆర్-2బీలో కనిపించాలి, ఆ పన్ను ప్రభుత్వానికి చేరాలి, మన రిటర్న్ మనం వేయాలి. సరుకు విడతలుగా వస్తే చివరి విడత అందాకే క్రెడిట్. వీటిలో మొదటి రెండూ మన కళ్లముందు తేలిపోతాయి. 2బీలో కనిపించడం మాత్రం పార్టీ చేతిలో ఉంది.

నెలనెలా రిటర్న్ వేసే పార్టీ జూన్ బిల్లులను జులై 11లోగా జీఎస్‌టీఆర్-1లో ఎక్కించాలి. జులై 14న మన జూన్ 2బీ తయారవుతుంది. క్రెడిట్ తీసుకుని పన్ను కట్టే రిటర్న్ జీఎస్‌టీఆర్-3బీ, జూన్ నెలకు దాని గడువు జులై 20. మన గుంటూరు పార్టీ ఆలస్యం చేసి జులై 25న గానీ జీఎస్‌టీఆర్-1 వేయలేదనుకుందాం. అప్పుడు ఆ బిల్లు జూన్ 2బీలో రాదు. ఆగస్టు 14న వచ్చే జులై 2బీలో వస్తుంది. సరుకు జూన్ 5నే గోడౌన్‌లో ఉన్నా, జూన్ 3బీలో ఈ 17,280 తీసుకోవడానికి వీల్లేదు. జూన్ అమ్మకాల మీద పన్నును ఈ క్రెడిట్ లేకుండానే కట్టాలి.

మరి జూన్‌లో పద్దు రాయొద్దా? రాయాలి. సరుకు వచ్చింది, అప్పు పుట్టింది, ఆ రెండూ 2బీ కోసం ఆగవు. పద్దును ఆపేస్తే జూన్ నిల్వ, పార్టీ బాకీ రెండూ తప్పుతాయి. మారాల్సింది పన్ను వరుసలు మాత్రమే. దీనికి ఇన్‌పుట్ ఖాతాల పక్కన ఇంకో జత పెట్టుకోవాలి. వాటిని '2బీలో రావలసిన సీజీఎస్టీ', '2బీలో రావలసిన ఎస్జీఎస్టీ' అందాం. జూన్ పద్దు ఇలా ఉంటుంది:

కొనుగోళ్ల ఖాతా, డెబిట్: 96,000
2బీలో రావలసిన సీజీఎస్టీ ఖాతా, డెబిట్: 8,640
2బీలో రావలసిన ఎస్జీఎస్టీ ఖాతా, డెబిట్: 8,640
గుంటూరు పార్టీ ఖాతా, క్రెడిట్: 1,13,280

జులై 2బీలో బిల్లు కనిపించాక, జులై 31 తేదీతో:

ఇన్‌పుట్ సీజీఎస్టీ ఖాతా, డెబిట్: 8,640
ఇన్‌పుట్ ఎస్జీఎస్టీ ఖాతా, డెబిట్: 8,640
2బీలో రావలసిన సీజీఎస్టీ ఖాతా, క్రెడిట్: 8,640
2బీలో రావలసిన ఎస్జీఎస్టీ ఖాతా, క్రెడిట్: 8,640

2బీ చేతికి వచ్చేది ఆగస్టు 14నే అయినా తేదీ జులై 31 ఎందుకంటే, ఈ క్రెడిట్ జులై 3బీలోకి వెళ్తుంది. ఇన్‌పుట్ ఖాతాలో ఆ నెల ఎంత డెబిట్ అయిందో, ఆ నెల 3బీలో 4(A)(5) వరుసలో అంతే ఉండాలి. ఈ రెండు అంకెలూ కలిసేలా ఉంచడమే ఈ అదనపు జత ఖాతాల ప్రయోజనం. చాలామంది ఈ జత పెట్టకుండా అంతా ఇన్‌పుట్ ఖాతాలోనే వేసి, తేడాను ఎక్సెల్ షీట్‌లో రాసుకుంటారు. రెండు నెలలు బాగానే నడుస్తుంది. ఆరో నెలకు ఆ షీట్ ఎక్కడుందో, దాంట్లో ఏ బిల్లు ఎందుకు మిగిలిందో చెప్పేవాళ్లు ఉండరు. ఖాతాలో ఉంటే బిల్లు వారీగా నిల్వ దానంతట అదే నిలిచి ఉంటుంది.

ఆ నిల్వను ప్రతి నెలా 14వ తేదీ తర్వాత ఒకసారి తెరిచి చూడాలి. నెల రోజులు దాటినా కదలని బిల్లుకు కారణం సాధారణంగా మూడింటిలో ఒకటి. పార్టీ రిటర్న్ వేయకపోవడం, మన జీఎస్టీ నంబరు తప్పుగా కొట్టడం, లేదా నంబరు లేని కొనుగోలుదారుడికి అమ్మినట్టు చూపడం. చివరి రెండింటిలో పార్టీ తన పన్ను కట్టేసే ఉంటాడు కాబట్టి ఏ తప్పూ లేదనుకుంటాడు. బిల్లు కాపీ పంపి, తర్వాతి జీఎస్‌టీఆర్-1లో సవరించమని అడగాల్సింది మనమే. పార్టీ మూడు నెలలకోసారి రిటర్న్ వేసేవాడైతే, త్రైమాసికంలోని మొదటి రెండు నెలల బిల్లులను విడిగా ఎక్కించకపోతే అవి త్రైమాసికం చివరి 2బీలోనే వస్తాయి. అలాంటి పార్టీ గురించి ముందే తెలిసుంటే కంగారు ఉండదు.

ఎదురుచూపుకూ ఒక హద్దు ఉంది. 2025-26 ఆర్థిక సంవత్సరపు బిల్లు మీద క్రెడిట్‌ను 2026 నవంబరు 30లోగా, లేదా ఆ ఏడాది వార్షిక రిటర్న్ వేసేలోగా, ఏది ముందైతే అప్పటికి తీసుకోవాలి. ఆ గడువు కూడా దాటితే 17,280 ఇక ఆస్తి కాదు. దాన్ని ఖర్చుకు డెబిట్ చేసి, రావలసిన ఖాతాను మూసేయాలి. ఆ మొత్తాన్ని పార్టీ భరించడానికి ఒప్పుకుంటే ఖర్చుకు బదులు పార్టీ ఖాతాకు డెబిట్ చేస్తాం. ఇది ముందే మాట్లాడుకోవాల్సిన విషయం, గడువు దాటాక అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

2బీలో వచ్చినంత మాత్రాన పూర్తిగా గట్టెక్కినట్టూ కాదు. పార్టీ జీఎస్‌టీఆర్-1లో బిల్లు చూపి, 3బీ వేయకుండా ఉండిపోవచ్చు. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే సెప్టెంబరు 30 వరకు కూడా ఆ 3బీ వేయకపోతే, మనం తీసుకున్న క్రెడిట్‌ను నవంబరు 30లోగా వెనక్కి ఇవ్వాలని 37ఎ నిబంధన చెబుతుంది. పార్టీ ఆ తర్వాత వేస్తే మళ్లీ తీసుకోవచ్చు.

సరుకులో కొంత పగిలి వస్తే? 20 పెట్టెలు పాడై వెనక్కి పంపారనుకోండి. రవాణా వదిలేసి, డిస్కౌంట్ పోను పెట్టె 475 చొప్పున 9,500, దానిపై 855, 855 పన్నుతో పార్టీ క్రెడిట్ నోటు ఇస్తాడు. పద్దు అసలు దానికి అద్దంలో బొమ్మలా ఉంటుంది:

గుంటూరు పార్టీ ఖాతా, డెబిట్: 11,210
కొనుగోలు వాపసుల ఖాతా, క్రెడిట్: 9,500
ఇన్‌పుట్ సీజీఎస్టీ ఖాతా, క్రెడిట్: 855
ఇన్‌పుట్ ఎస్జీఎస్టీ ఖాతా, క్రెడిట్: 855

సరుకు విలువ మాత్రం తగ్గించి, పన్ను వరుసలు మర్చిపోతే మనది కాని 1,710 క్రెడిట్ మన దగ్గర మిగిలిపోతుంది. వెనక్కి పంపకుండా, క్రెడిట్ నోటూ తీసుకోకుండా పగిలినవాటిని పారేసినా ఆ పన్ను దక్కదు. నాశనమైన సరుకు మీద క్రెడిట్‌ను 17(5) సెక్షన్ ఆపేస్తుంది. అప్పుడు ఆ 1,710 కూడా నష్టంలో కలుస్తుంది.

ఇక అరువు సంగతి. మన ఉదాహరణలో ఏ పెట్టే పగల్లేదని, మొత్తం బాకీ 1,13,280 అనీ మళ్లీ మొదటికి వద్దాం. అరువు ఎన్నాళ్లు ఉండొచ్చన్నది పార్టీకీ మనకూ మధ్య మాట. కానీ క్రెడిట్ తీసుకున్నాక ఇందులో ప్రభుత్వమూ ఉంటుంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో పన్నుతో సహా పార్టీకి చెల్లించకపోతే, చెల్లించని భాగానికి సరిపడే క్రెడిట్‌ను వెనక్కి ఇచ్చి, దానిపై వడ్డీ కట్టాలి. లెక్క సరుకు అందిన జూన్ 5 నుంచి కాదు, 2బీలో వచ్చిన రోజు నుంచీ కాదు, బిల్లు తేదీ జూన్ 3 నుంచి. 180వ రోజు 2025 నవంబరు 30.

ఆ రోజుకి దుకాణం 84,960 ఇచ్చి, 28,320 బాకీ ఉంచిందనుకోండి. బాకీ సరిగ్గా నాలుగో వంతు. కాబట్టి వెనక్కి ఇవ్వాల్సిన క్రెడిట్ 17,280లో నాలుగో వంతు, 4,320. మొదట చెల్లించింది సరుకు విలువ కిందికే, పన్ను తర్వాత అని గానీ, పన్నే ముందు కట్టేశామని గానీ లెక్క వేసుకోవడానికి లేదు, నిష్పత్తి ప్రకారమే. 180 రోజులు ముగిశాక వచ్చే పన్ను నెల డిసెంబరు. ఆ నెల 3బీలో 4(B)(2) వరుసలో చూపి, డిసెంబరు 31 తేదీతో ఈ పద్దు రాయాలి:

మళ్లీ తీసుకోదగిన క్రెడిట్ ఖాతా, డెబిట్: 4,320
ఇన్‌పుట్ సీజీఎస్టీ ఖాతా, క్రెడిట్: 2,160
ఇన్‌పుట్ ఎస్జీఎస్టీ ఖాతా, క్రెడిట్: 2,160

దీన్ని ఖర్చుకు రాసేస్తుంటారు. అది తొందరపాటు. పార్టీకి ఎప్పుడు చెల్లిస్తే అప్పుడు ఈ క్రెడిట్ తిరిగి తీసుకోవచ్చు, దీనికి నవంబరు 30 గడువు కూడా వర్తించదు. చెల్లించే ఉద్దేశం ఉన్నంతకాలం అది ఆస్తే. వడ్డీ మాత్రం నిజంగా ఖర్చు. ఏడాదికి 18 శాతం. ఈ క్రెడిట్‌ను ఆగస్టు 20న జులై 3బీతో వాడేసి, జనవరి 20న డిసెంబరు 3బీలో వెనక్కి ఇచ్చారనుకుంటే 153 రోజులకు సుమారు 326 రూపాయలు. అది జీఎస్టీ వడ్డీ ఖాతాకు డెబిట్. ఈ వడ్డీని క్రెడిట్‌తో సర్దడం కుదరదు, నగదుతోనే కట్టాలి.

ఈ 180 రోజులను పట్టుకోవాలంటే పార్టీ ఖాతాలో చెల్లింపులను బిల్లు వారీగా రాసి ఉండాలి. నెలకు ఇంత అని ఖాతా మీద వేసేస్తే ఏ బిల్లు తీరిందో, ఏది మిగిలిందో పుస్తకం చెప్పలేదు. 120 రోజులు దాటిన బిల్లుల పట్టీని నెలకోసారి తీస్తే చాలు, చెల్లించడానికి ఇంకో నెల చేతిలో ఉంటుంది.

మిగిలిన 28,320 దుకాణం 2026 ఫిబ్రవరి 10న బ్యాంకు ద్వారా ఇచ్చింది. ఆ రోజు పార్టీ ఖాతాకు 28,320 డెబిట్, బ్యాంకుకు క్రెడిట్. ఫిబ్రవరి 3బీలో ఆ క్రెడిట్‌ను 4(A)(5)లో కలిపి, తిరిగి తీసుకున్నదిగా 4(D)(1)లోనూ చూపుతారు. వెనక్కి ఇచ్చినవీ మళ్లీ తీసుకున్నవీ పోర్టల్‌లో ఒక స్టేట్‌మెంట్‌లో నమోదవుతుంటాయి కాబట్టి, డిసెంబరులో వేరే వరుసలో చూపి ఉంటే ఇక్కడ అంకె కలవదు. పుస్తకంలో:

ఇన్‌పుట్ సీజీఎస్టీ ఖాతా, డెబిట్: 2,160
ఇన్‌పుట్ ఎస్జీఎస్టీ ఖాతా, డెబిట్: 2,160
మళ్లీ తీసుకోదగిన క్రెడిట్ ఖాతా, క్రెడిట్: 4,320
(బిల్లు తేదీ 3-6-2025, మిగిలిన బాకీ 10-2-2026న చెల్లించినందున)

దీంతో ఈ బిల్లుకు సంబంధించి పార్టీ ఖాతా, 2బీలో రావలసిన ఖాతాలు, మళ్లీ తీసుకోదగిన ఖాతా అన్నీ సున్నాకు వస్తాయి. కొనుగోళ్లలో జూన్ 5న రాసిన 96,000 ఒక్క రూపాయి కూడా కదలకుండా అక్కడే ఉంటుంది.